పప్పు కట్టు, పల్చటి రాగి జావ పెడుతున్నా పాప బరువు పెరగడం లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడం గారూ, మాది మద్దిలపాలెం. పాపకి ఏడు నెలలు నిండాయి. ఆరు నెలలప్పుడు 6.6 కేజీలు ఉంది, ఇప్పుడు 6.7. నా పాలు ఇస్తున్నాను. అవి కాక పొద్దున్న రాగి జావ, మధ్యాహ్నం పప్పు కట్టు, సాయంత్రం మళ్లీ జావ, సీసాలో పోసి పడుతున్నాం. నెయ్యి వేద్దామంటే అరగదు అంటున్నారు మా అత్తయ్య గారు. ఉప్పు, కాస్త బెల్లం వెయ్యకపోతే రుచి ఉండదు, తినదు అని కూడా అంటున్నారు. డాక్టరు గారేమో ఆ రెండూ వద్దన్నారు. బరువు పెరగాలంటే ఏం పెట్టాలి?

జవాబు:

మీరు ఎంచుకున్న పదార్థాల్లో తప్పు లేదమ్మా. రాగి మంచిదే, కందిపప్పు మంచిదే. కానీ పాప పొట్టలోకి వెళ్తున్నది చాలావరకు నీళ్లు. నెయ్యి, ఉప్పు, బెల్లం గురించి తర్వాత చెబుతాను, ముందు ఈ నీళ్ల సంగతి తేల్చుకుందాం.

ఈ వయసు పిల్లల పొట్టలో ఒకసారికి కిలో బరువుకి సుమారు 30 మి.లీ. పడుతుంది. అంటే మీ పాపకి నిండా పట్టేది దాదాపు 200 మి.లీ. తల్లిపాలు సరిగ్గా తాగే బిడ్డకి ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పై తిండి నుంచి రోజుకి ఇంకో 200 కేలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొట్ట చిన్నది, రోజుకి పెట్టగలిగేది రెండు మూడు సార్లు. అందుకే ఎన్ని గ్లాసులు పట్టామన్నది కాకుండా ఒక్కో చెంచాలో ఎంత బలం ఉందన్నది చూడాలి.

ఇవాళ మధ్యాహ్నం ఒక పని చెయ్యండి. పాప కోసం తీసిన పప్పు కట్టుని గాజు గ్లాసులో పోసి, కదపకుండా పావుగంట వదిలెయ్యండి. అడుగున బొటనవేలి గోరంత మందాన పసుపుపచ్చ ముద్ద పేరుకుంటుంది, పైదంతా తేట నీరు. ఆ అడుగు ముద్దే పప్పు. పైన తేరిన నీళ్లలో పప్పు రంగు, వాసన, కాసిని ఉప్పులూ విటమిన్లూ ఉంటాయి తప్ప మాంసకృత్తులు లెక్కలోకి రానంత తక్కువ. గ్లాసుడు కట్టులో మొత్తంగా టీ చెంచాడు పచ్చి పప్పు సరుకు కూడా ఉండదు. అది పది పదిహేను కేలరీలకు మించదు.

జావ సంగతీ అంతే. సీసా రబ్బరు రంధ్రంలోంచి దిగాలంటే జావ నీళ్లలా ఉండక తప్పదు. సాధారణంగా 150 మి.లీ. నీళ్లకి ఒక టీ చెంచా పిండి వేస్తారు. ఆ పిండి నిండుగా తీసుకున్నా 5 గ్రాములు, అందులో పదహారు కేలరీల చిల్లర. మీరు రోజుకి రెండు సీసాల జావ, ఒక గ్లాసు కట్టు పడుతున్నారు. అన్నీ కలిపితే యాభై కేలరీలు దాటవు, పొట్టలో మాత్రం 400 మి.లీ. పైన చోటు తీసుకుంటాయి.

అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. తల్లిపాలలో 100 మి.లీ.కి దాదాపు 65 కేలరీలు ఉంటాయి. సీసా జావతో పొట్ట నిండిన పిల్ల తర్వాత రొమ్ము పట్టినా కాసేపు చప్పరించి వదిలేస్తుంది. రోజు మొత్తం మీద 200 మి.లీ. పాలు అలా తగ్గినా 130 కేలరీలు పోయినట్టు. యాభై ఇచ్చి నూట ముప్పై తీసుకున్నాం. నెలకి 100 గ్రాములే పెరగడానికి ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఈ వయసులో ఆడపిల్లలు సగటున నెలకి 300 గ్రాముల చుట్టూ పెరుగుతారు. మీ పాప 6.7 దగ్గర ఉందంటే సగటుకి కాస్త కింద ఉంది కానీ ప్రమాదపు గీత దాకా పోలేదు. ఇప్పుడే సరిచేసుకుంటే కుదురుకుంటుంది.

కాబట్టి మొట్టమొదట సీసా పక్కన పెట్టండి. జావ గిన్నెలోంచి చెంచాతో పెట్టాలి. వెనకటి ఉగ్గుగిన్నె కూడా ఈ పనికి నప్పదు, దాని ముక్కులోంచి పల్చటిదే జారుతుంది. చిన్న స్టీలు గిన్నె, అంచు పదును లేని చెంచా చాలు. చిక్కదనం సరిపోయిందో లేదో చెంచాతోనే తెలుస్తుంది. చెంచాడు తీసి పక్కకి వంచితే ధారగా కారిపోకూడదు, ఒక్క క్షణం నిలిచి ముద్దగా జారాలి. ధార కట్టిందంటే ఇంకో రెండు నిమిషాలు ఉడకాలి, లేదా పిండి చాలలేదు.

"అంత చిక్కగా పెడితే గొంతుకి అడ్డుపడదా?" అని అత్తయ్య గారు అడుగుతారు. ఆసరాతో కూర్చుని, తల నిలబెట్టి, చెంచా చూస్తే నోరు తెరిచే ఏడు నెలల బిడ్డ మెత్తటి ముద్దని మింగగలదు. మొదటి రెండు మూడు రోజులు నాలుకతో బయటికి తోసేస్తుంది. అది వద్దనడం కాదు, ఇన్నాళ్లూ పాలు చప్పరించిన నాలుకకి అదే అలవాటు. ఒకటి రెండుసార్లు ఓకిళ్లు వచ్చినట్టు ముఖం పెట్టినా కంగారు పడకండి. దగ్గు రాక, ఏడుపు వినపడక, ముఖం రంగు మారితేనే ప్రమాదం. పడుకోబెట్టి మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఇక రాగి. మన ఉత్తరాంధ్రలో చోళ్లకి కొదవ లేదు, పాడేరు, అరకు వైపు నుంచి వచ్చినవి రైతుబజార్లలోనూ పూర్ణా మార్కెట్‌లోనూ దొరుకుతాయి. కాల్షియంలో దీన్ని మించిన ధాన్యం మన వంటింట్లో లేదు, 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. చిక్కల్లా ఒకటే. మామూలు రాగిపిండి ఉడికేటప్పుడు నీళ్లు పీల్చి బాగా ఉబ్బుతుంది. కాస్త పిండి ఎక్కువ వేస్తే సంకటిలా గట్టిపడిపోతుంది, దాంతో అమ్మలు మళ్లీ నీళ్లు పోస్తారు, బలం మళ్లీ పల్చబడుతుంది.

దీనికి మన పెద్దవాళ్ల దగ్గరే మందు ఉంది, మొలకెత్తించిన పిండి. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. ఆ పిండితో జావ కాస్తే ఒక వింత కనిపిస్తుంది. మొదట చిక్కబడుతున్నట్టే ఉంటుంది, వేడి ఎక్కేకొద్దీ గరిటె కింద వదులై జారుగా మారుతుంది. అంటే అదే చిక్కదనానికి ఎక్కువ పిండి పడుతుంది. మామూలు పిండి 15 గ్రాములు పట్టే చోట మొలకల పిండి 20 నుంచి 25 గ్రాముల దాకా వేసినా పిల్ల మింగగలదు. పిండిపదార్థం విడిపోయినప్పుడు మాల్టోజ్ అనే చక్కెర పుడుతుంది కాబట్టి జావకి తనంత తానే లేత తీపి వస్తుంది. బెల్లం లేకపోతే తినదన్న మాటకి సగం జవాబు అందులోనే ఉంది. గింజలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుకునే ఫైటేట్లు కూడా మొలకెత్తితే కొంత తగ్గుతాయి.

చేసే విధానం చెబుతాను, విశాఖ గాలిలో ఎక్కడ పాడవుతుందో కూడా చెబుతాను. పావుకిలో చోళ్లు చాలు, ఎక్కువ వద్దు. ఇసుక, మట్టి పోయేదాకా నాలుగైదు నీళ్లలో గాలించి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న నీళ్లు వంపేసి, మరోసారి కడిగి, ఉతికిన నూలు గుడ్డలో వదులుగా మూటకట్టి గిన్నెలో పెట్టి మూతపెట్టండి. మూట ఎండిపోతే నీళ్లు చిలకరించండి. మన ఉక్కపోతకి ఒక పగలూ ఒక రాత్రీ చాలు, తెల్లటి మొలక ముక్కు కనిపిస్తుంది. రెండో రోజు దాటనివ్వకండి. మూట విప్పినప్పుడు పచ్చి గడ్డి లాంటి వాసన రావాలి. పులుపు వాసన వచ్చినా, వేళ్లకి జిగురు తగిలినా, ఎక్కడైనా నల్లటి, పచ్చటి మచ్చ కనిపించినా మొత్తం పారెయ్యండి. కడిగితే పోతుందనుకుని వాడకండి, బూజు విషం కడిగినా వేయించినా పోదు.

ఆరబెట్టే దగ్గరే ఇక్కడ చాలామందివి పాడవుతాయి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. డాబా మీద ఆరేస్తే పైన ఎండినట్టే ఉండి లోపల చెమ్మ మిగులుతుంది. వేసవిలో అయితే పల్చగా పరిచి మంచి ఎండలో రెండు రోజులు పెట్టండి, సాయంత్రం కాగానే లోపలికి తెచ్చెయ్యాలి. వానాకాలంలో ఎండని నమ్ముకోకండి, గదిలో గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టి, చివర మందపాటి మూకుడులో సన్న సెగ మీద కాసేపు తిప్పండి. గింజ పంటి కింద టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టు. రంగు మారేలా మాత్రం వేయించకండి, అంత వేడికి ఆ ఎంజైము చచ్చిపోయి పిండి మళ్లీ మామూలు పిండిలా చిక్కబడుతుంది. ఎండిన గింజల్ని అరచేతుల మధ్య నలిపితే మొలక పొట్టు రాలుతుంది, అది చెరిగేసి పిండి పట్టించి, పల్చటి గుడ్డలో జల్లించండి. మర ఆడించేటట్టయితే మీకంటే ముందు వాళ్లు ఏం ఆడించారో అడగండి, మిరపకాయలో, వేరుశనగో పట్టిన తర్వాత మనది పోస్తే ఆ పొడి ఇందులోకి వస్తుంది. ఇంట్లో మిక్సీ అయితే ఈ బాధ ఉండదు. గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు వారాల్లో వాడెయ్యండి.

మొలకల పిండి చెయ్యడం కుదరకపోతే మామూలు పిండితోనే చిక్కగా కాయండి. ఎక్కడైనా మొలకల పిండి కొంచెం ఉంటే ఇంకో ఉపాయం ఉంది. మామూలు పిండితో గట్టిగా కాచిన జావ సెగ దించి, చేతికి బాగా వేడిగా తగిలేంతగా చల్లారాక అర టీ చెంచా మొలకల పిండి వేసి కలపండి. ఐదు నిమిషాల్లో ముద్ద వదులవుతుంది. పచ్చి పిండి పడింది కాబట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టి మూడు నాలుగు నిమిషాలు మరగనివ్వాలి, ఇది మానకూడదు.

ఇప్పుడు నెయ్యి. అత్తయ్య గారి మాటకి నా జవాబు ఇది: తల్లిపాలలో వచ్చే బలంలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఆ కొవ్వుని అరిగించుకుంటున్న బిడ్డకి అర చెంచా నెయ్యి అరగకుండా పోదు. మనం పాల నుంచి గంజికి మార్చినప్పుడే ఆమె తిండిలో కొవ్వు ఒక్కసారిగా పడిపోయింది. నెయ్యి ఆ లోటుని తీరుస్తుంది. టీ చెంచా నెయ్యి, అంటే నాలుగున్నర గ్రాములు, 40 కేలరీలు ఇస్తుంది, గిన్నెలో చోటు మాత్రం పెద్దగా తీసుకోదు. క్యారెట్టు, ఆకుకూరల్లోని ఎ విటమిను ఒంటికి పట్టాలన్నా కొంత కొవ్వు ఉండాలి.

అయితే పల్చటి పప్పు కట్టులో నెయ్యి వేసి లాభం లేదు. అది పైన చుక్కలుగా తేలి గిన్నె అంచుకి, సీసా గోడలకి అంటుకుపోతుంది. కడిగేటప్పుడు చేతికి జిడ్డు తగులుతుంది చూడండి, ఆ జిడ్డే పాపకి చేరని నెయ్యి. చిక్కటి జావలో, మెదిపిన అన్నం పప్పులో అయితే పూర్తిగా కలిసిపోతుంది. పొయ్యి దించాక వేడి మీద వేసి, నెయ్యి చుక్కలు పైన కనపడకుండా కలపండి.

మొదటి మూడు నాలుగు రోజులు గిన్నెకి పావు టీ చెంచా, విరేచనం మామూలుగా ఉంటే తర్వాత అర చెంచా, రెండో వారం నుంచి ఒక చెంచా. రోజు మొత్తానికి రెండు మూడు టీ చెంచాలు దాటించకండి. నెయ్యిలో బలం ఉంది కానీ మాంసకృత్తులు లేవు, ఇనుము లేదు, జింకు లేదు. బరువు కోసమని చెంచాలు పెంచుకుంటూ పోతే పిల్ల ఆ నెయ్యితోనే తృప్తిపడి పప్పు, గుడ్డు వదిలేస్తుంది. ఎక్కువైందని ఎలా తెలుస్తుందంటే, విరేచనం లేత రంగులో జిడ్డుగా జిగురుగా వస్తుంది, తర్వాతి పూట గిన్నె చూడగానే ముఖం తిప్పేస్తుంది. అప్పుడు సగానికి తగ్గించండి.

ఇంట్లో వెన్న కాచిన నెయ్యే మంచిది. దుకాణంలో దొరికే ప్యాకెట్ వెన్న నెయ్యికి బదులు వాడకండి, అందులో సాధారణంగా ఉప్పు కలిపి ఉంటుంది. ఆవుపాలు పడక ఒంటి మీద దద్దుర్లు గానీ, విరేచనంలో రక్తపు చారలు గానీ వచ్చిన బిడ్డ అయితే నెయ్యి కూడా డాక్టరుని అడగకుండా వద్దు. అలాంటి పిల్లలకి నువ్వుల నూనె, వేరుశనగ నూనెల్లో ఏది పడుతుందో డాక్టరుని అడిగి అదే కొలతలో వేసుకోవచ్చు.

ఉప్పు విషయంలో మీ డాక్టరు గారి మాటే నాదీ. ఏడాదిలోపు పిల్లలకి అన్ని దారుల నుంచీ కలిపి రోజుకి ఒక గ్రాము ఉప్పు లోపే ఉండాలి. పాలలోనూ, బియ్యం, పప్పు, కూరల్లోనూ సహజంగా ఉన్న సోడియంతోనే వాళ్ల అవసరం తీరుతుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి తీసే ఒక్క చిటికెడే మూడో వంతు గ్రాము నుంచి అర గ్రాము దాకా వస్తుంది. మూడు పూటలా చిటికెడు అంటే ఆ గ్రాము అక్కడే అయిపోతుంది. ఎక్కువైన ఉప్పుని వడకట్టి బయటికి పంపే శక్తి ఈ వయసు మూత్రపిండాలకి ఇంకా పూర్తిగా రాలేదు. "మరి అయొడిన్ ఎలా?" అని కొందరు అడుగుతారు. మీరు అయొడిన్ ఉప్పుతో వండుకుని తింటే మీ పాల ద్వారా అది పాపకి అందుతుంది.

చప్పగా ఉంటే తినదన్న భయం మన నాలుకది. ఉప్పు అంటే ఏంటో పాపకి ఇంకా తెలియదు, తను ఇన్నాళ్లూ తాగిన పాలు లేత తీపివి. రుచి కావాలంటే పప్పు ఉడికేటప్పుడు నాలుగు జీలకర్ర గింజలు, కరివేపాకు రెబ్బ వేసి తర్వాత తీసెయ్యండి. నేతిలో చిటపటలాడిన జీలకర్ర వాసనకే చాలామంది పిల్లలు నోరు తెరుస్తారు. ఇంట్లో అందరికీ వండే పప్పు నుంచే తీసేటట్టయితే ఉప్పు, కారం, పోపు పడకముందే పాప గిన్నె పక్కకి తీసెయ్యాలి. పడిన తర్వాత నీళ్లు పోసి పల్చన చేసి పెడుతుంటారు, ఉప్పు ఎక్కడికీ పోదు, బలమే పోతుంది. కొత్త రుచిని ఎనిమిది పది సార్లు చూపిస్తే గానీ కొందరు పిల్లలు ఒప్పుకోరు, రెండుసార్లు ఉమ్మేసిందని మానెయ్యకండి.

బెల్లం గురించి ఒక్క మాట. అనకాపల్లి పక్కనే ఉన్న ఊరి వాళ్లం, బెల్లం మంచిదన్న నమ్మకం మనకి ఇంట్లోంచే వస్తుంది. కానీ పాప ఒంటికి బెల్లమైనా, పటికబెల్లమైనా, తాటిబెల్లమైనా చక్కెరే. బెల్లంలో ఇనుము ఉంటుందంటారు. జావలో వేసే చిన్న ముక్క నుంచి వచ్చే ఇనుము లెక్కలోకి రాదు, తీపి మాత్రం నాలుకకి అలవాటైపోయి రేపు పప్పన్నం వద్దంటుంది. వచ్చే రెండు మూడు నెలల్లో పళ్లు కూడా వస్తాయి. తీపి కావాలనిపిస్తే బాగా పండిన అరటిపండు నాలుగు ముక్కలు జావలో మెదిపెయ్యండి. తేనె అయితే ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు, నాలుకకి రాయడం కూడా వద్దు. ఏజెన్సీ నుంచి వచ్చిన అసలైన కొండ తేనె అయినా సరే. తేనెలో ఉండే బొట్యులినమ్ బీజాలు పసిపిల్లల పేగుల్లో విషం పుట్టించి కండరాలని చచ్చుబడేలా చెయ్యగలవు.

ఇప్పుడు మీ పాపకి ఒక రోజు తిండి లెక్క వేసి చూపిస్తాను. కొలతకి మందు సీసా మీద వచ్చే 5 మి.లీ. మూత వాడండి, అది ఒక టీ చెంచా. మూడు మూతలు ఒక పెద్ద చెంచా.

పొద్దున్న పాలు తాగి గంటన్నర అయ్యాక రాగి జావ. రెండు పెద్ద చెంచాల పిండి తలకొట్టి తీసుకుంటే 15 గ్రాముల చుట్టూ వస్తుంది. దాన్ని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం 120 మి.లీ. నీళ్లతో సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. పచ్చి వాసన పోయి మెరుపు వస్తుంది. పిండి నుంచి 50 కేలరీలు, ఒక టీ చెంచా నెయ్యి నుంచి 40, మొత్తం 90. మీరు ఇప్పుడు రోజంతా పట్టే మూడు గ్లాసుల్లో లేని బలం ఈ వంద గ్రాముల గిన్నెలో ఉంది.

మధ్యాహ్నం, సాయంత్రం పప్పన్నం. రెండు పెద్ద చెంచాల బియ్యం, ఒక పెద్ద చెంచా పెసరపప్పు కడిగి, ఒక చిన్న ముక్క గుమ్మడికాయో క్యారెట్టో వేసి, నాలుగింతల నీళ్లు పోసి, మీ కుక్కరులోనే చిన్న గిన్నెలో పెట్టెయ్యండి. మొదట్లో కందిపప్పు కంటే పెసరపప్పు తేలిగ్గా అరుగుతుంది, వారం పది రోజుల్లో కందిపప్పుకీ మారొచ్చు. ఉడికిన నీళ్లు వంచెయ్యకండి, అంతా కలిపి గరిటె వెనకతో మెదపండి. మిక్సీలో నీళ్లలా తిప్పేస్తే ఎనిమిదో నెల దాటాక పలుకు తగిలితే చాలు ఉమ్మేస్తుంది. ఒక టీ చెంచా నెయ్యి కలిపితే మొత్తం మీద 170 కేలరీలు వస్తాయి, రెండు పూటలకి సగం సగం. సాయంత్రం భాగాన్ని తడి లేని గిన్నెలోకి తీసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, పెట్టే ముందు పొగలు వచ్చేదాకా వేడి చెయ్యండి. ఎంగిలి చెంచా పడినది మాత్రం మిగిలితే మీరు తినెయ్యండి, మళ్లీ పాపకి పెట్టొద్దు. మన ఉక్కలో గంట రెండు గంటల్లోనే పాడవుతుంది.

మొత్తం 260 కేలరీల దాకా ఉంది. ఇది ఎక్కువగానే వేశాను, ఎందుకంటే మొదటి వారం సగమే తింటుంది, అది చాలు. గిన్నె ఖాళీ కావాలని బలవంతం చెయ్యకండి. తిన్నాక కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు చెంచాలు ఇవ్వండి, రాగితో విరేచనం గట్టిపడే పిల్లలకి ఇది అవసరం. రొమ్ముపాలు మునుపటిలాగే, అడిగినప్పుడల్లా, రాత్రుళ్లు కూడా.

ఒక లోటు మిగులుతుంది. రాగి, పప్పు, నెయ్యి ఎంత బాగా కలిపినా ఈ వయసులో కావలసినంత ఇనుము రాదు. పుట్టినప్పుడు తెచ్చుకున్న నిల్వ ఆరు నెలలకి అయిపోతుంది, ధాన్యంలోని ఇనుము కొంచెమే ఒంటికి పడుతుంది. మీరు తినేవాళ్లయితే బాగా ఉడికిన గుడ్డుని మీ పాలతో మెదిపి మొదలుపెట్టండి, ముందు పావు గుడ్డు, ఒంటి మీద ఏమీ రాకపోతే మూడు రోజుల తర్వాత సగం. ఆ తర్వాత ముల్లు పూర్తిగా తీసిన తాజా చేప పెట్టొచ్చు, ఉప్పుచేప మాత్రం వద్దు. తినని ఇళ్లలో పప్పన్నంలో రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము కొంత ఎక్కువగా పడుతుంది. ఆరు నెలలు నిండిన పిల్లలకి ప్రభుత్వం వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఐరన్ సిరప్ ఇస్తోంది, మీ వార్డు ఏఎన్ఎంని గానీ ఆశా కార్యకర్తని గానీ అడగండి. మీ డాక్టరు వేరే చుక్కలు రాసి ఉంటే రెండూ కలిపి వెయ్యొద్దు, ఆయనకి చెప్పి ఒకటే వాడండి.

మార్పు మొదలుపెట్టిన రోజు పాపని బట్టలు లేకుండా తూచి, తల్లీబిడ్డల కార్డులో రాయించండి. మళ్లీ నాలుగు వారాలకి అదే కాటా మీద, అదే వేళకి తూచండి. మధ్యలో రోజూ తూచకండి, విరేచనం అయితే ఒకలా, పాలు తాగితే ఒకలా చూపించి అనవసరంగా బెంగ పెడుతుంది. ఒంటేలు రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉండాలి. నాలుగు వారాలకి 250, 300 గ్రాములు పెరిగితే ఇదే కొనసాగించి, ఎనిమిది నెలలు దాటాక గిన్నెలు మూడు నుంచి నాలుగుకి పెంచండి. ఇంత చిక్కగా పెట్టినా రెండో నెల కూడా 100 గ్రాముల దగ్గరే ఆగితే, లేదా మధ్యలో జ్వరం, ఆగని విరేచనాలు, తిన్నప్పుడల్లా వాంతి, పాలు తాగేటప్పుడు నుదుట చెమటలు పట్టడం లాంటివి కనిపిస్తే అది తిండి ఒక్కదానితో తీరేది కాదు. పాపని పిల్లల డాక్టరుకి చూపించి మూత్రం, రక్తం పరీక్షల గురించి అడగండి. వెళ్లేటప్పుడు ఆ కార్డు, మూడు రోజులు పాప ఏం తిన్నదో, ఎంత తిన్నదో రాసిన కాగితం చేతిలో ఉంచుకోండి.